ఆయనకు ఉన్నది చాలు, నాకు చాలదు: అందరూ నన్నడిగే ప్రశ్నలు

నేను అనంతపురంలో ధర్మవరం పట్టుచీరలు అమ్ముతాను. మా ఆయన ఒక ఆఫీసులో గుమాస్తా. పొద్దున పదికి వెళ్తారు, సాయంత్రం ఐదున్నరకు ఇంట్లో ఉంటారు, ఆ జీవితం ఆయనకు బాగుంది. నాకేమో రాత్రి పదకొండుకు కూడా ఏ మగ్గం మీద ఏ రంగు నడుస్తోందో అనే ఆలోచనే. పెళ్లయి 14 ఏళ్లు. మధ్యలో ఒక ఎనిమిది నెలలు, అప్పు చేసి అంగడి పెడదామని నేను, వద్దని ఆయన, మా ఇల్లు ఇల్లులా లేదు. ఆ సంగతి తెలిసిన ఆడవాళ్లు, ఈమధ్య మగవాళ్లు కూడా, అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ అడుగుతుంటే ఒకచోట రాసేద్దామని కూర్చున్నాను.

మా ఆయనకు ఏ ఆశా లేదక్కా. ఇది తృప్తి అనుకోవాలా, బద్ధకం అనుకోవాలా?

ముందు తేల్చుకోవాల్సింది ఇదే, ఎందుకంటే పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. నేను చాలా రోజులు మా ఆయన్ని బద్ధకస్తుడనే అనుకున్నాను. తర్వాత ఒకరోజు కూర్చుని లెక్కేస్తే, పిల్లల స్కూలు ఫీజు ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు, గ్యాస్ బుక్ చేయమని నేను ఎప్పుడూ చెప్పలేదు, మిద్దె మీద కుండీల్లో మల్లె, కరివేపాకు, రెండు వంకాయ చెట్లు ఎండాకాలంలో కూడా పచ్చగా ఉన్నాయి. అనంతపురం ఎండల్లో అది చిన్న పని కాదు. తన వంతు తాను చేస్తున్నాడు, తనకు ఇష్టమైనది ఒకటుంది, ప్రమోషన్ కోసం పరుగెత్తడం ఒక్కటే ఇష్టం లేదు. దాన్ని తృప్తి అంటారు.

బద్ధకమైతే ఆయన తృప్తి ఖర్చు మీరు కడుతుంటారు. ఆయన చేయని పని మీ నెత్తిన పడుతుంది, ఆయన తీర్చని బాకీ మీ గొలుసు మీదకు వస్తుంది. ఇది ఆశల తేడా కాదు, పని పంచుకోకపోవడం. అలాగే మాట్లాడండి. దానికి నా దగ్గర వేరే మందు లేదు.

మూడోది కూడా ఉంది, దాన్ని చాలామంది చూడరు. ఒకప్పుడు హుషారుగా ఉన్న మనిషి, క్రికెట్టో స్నేహితులో దేవుడో ఏదో ఒకదాని మీద ఇష్టం ఉన్న మనిషి, రెండు వారాలకు మించి దేని మీదా ఆసక్తి లేకుండా, నిద్రా తిండీ మారిపోయి ఉంటే అది తృప్తీ కాదు బద్ధకమూ కాదు, డిప్రెషన్ కావచ్చు. అప్పుడు కావాల్సింది డాక్టరు. ముందు ఫోన్లో మాట్లాడాలంటే టెలి మానస్ నంబరు 14416, డబ్బులేమీ పడవు, తెలుగులో మాట్లాడతారు. 

పెళ్లికి ముందు ఇదంతా తెలియలేదా?

తెలుసు. నిదానస్తుడు, గవర్నమెంటు జీతం, ఏ అలవాటూ లేదు అనే కదా చేసుకున్నాం. అప్పుడు మెచ్చుకున్న గుణాన్నే పదేళ్ల తర్వాత తప్పు పట్టాను.

మెల్లగా చెబుతూ ఉంటే ఆయన మారతారా?

మారరు. నేను నాలుగేళ్లు చెప్పాను. డిపార్ట్‌మెంటు పరీక్షల పుస్తకాలు కొనిచ్చాను, అట్ట కూడా చిరగలేదు.

అమెరికాలో సియాటిల్‌లో జాన్ గాట్‌మన్ అనే సైకాలజిస్టు భార్యాభర్తల్ని ఏళ్ల తరబడి గమనించి తేల్చింది ఏమిటంటే, జంటల మధ్య గొడవల్లో 69 శాతం ఎప్పటికీ పరిష్కారం కానివే, అవి స్వభావాల తేడాలోంచి పుట్టినవి కాబట్టి. సుఖంగా ఉన్న జంటల్లో కూడా అవి ఉంటాయి. కాకపోతే వాళ్లు ఆ గొడవ గురించి నవ్వుతూ మాట్లాడుకోగలరు, మిగతావాళ్లు అక్కడే ఇరుక్కుపోతారు. ఇది తెలిసినప్పుడు నాకు ముందు నీరసం వచ్చింది, తర్వాత ఊపిరి ఆడింది. ఆయన్ని మార్చే పని నా లిస్టులోంచి పోయింది. మిగిలిన ప్రశ్న చిన్నది: ఈ మనిషి ఇలాగే ఉంటే, నేను ఇలాగే ఉంటే, డబ్బు విషయంలో, టైము విషయంలో ఏం ఒప్పందం కుదురుతుంది?

నేను మాట్లాడదామంటే లేచి వెళ్లిపోతాడు. అప్పుడేం చేయాలి?

మా ఇంట్లో ఇది రోజూ రాత్రి తొమ్మిదిన్నరకు జరిగేది. ఆయన సంగటి తిని చెయ్యి కడుక్కోగానే నేను మొదలుపెట్టేదాన్ని. "ఏమండీ, ఆ అంగడి సంగతి ఏమనుకున్నారు?" ఆయన "చూద్దాంలే" అని మిద్దె మీదకు వెళ్లేవారు, చెట్లకు నీళ్లని. రాత్రి పది దాకా నీళ్లు తాగే చెట్లుంటాయా? నేను మెట్ల కింద నిలబడి గొంతు పెంచేదాన్ని, ఆయన ఇంకో బకెట్ నింపేవారు.

ఒకరు తరుముతారు, ఒకరు తప్పుకుంటారు. తరిమేకొద్దీ తప్పుకోవడం ఎక్కువవుతుంది, తప్పుకునేకొద్దీ తరమడం ఎక్కువవుతుంది. జంటల మీద పనిచేసేవాళ్లకు ఇది బాగా తెలిసిన చక్రం. ఎవరు మొదలుపెట్టారంటే ఇద్దరూ ఎదుటివాళ్లనే చూపిస్తారు. మార్పు కావాలనుకునేవాళ్లే తరుముతారు, ఉన్నది బాగుందనుకునేవాళ్లు తప్పుకుంటారు, కాబట్టి మనలాంటి ఇళ్లలో తరిమేది ఎక్కువగా మనమే అవుతాం.

నేను చేసింది ఒక్కటే. నెల రోజులు రాత్రి పూట ఆ మాట ఎత్తనని చెప్పేశాను, ఆదివారం పొద్దున ఏడుకు నలభై నిమిషాలు మాత్రం అడిగాను, పిల్లలు లేవకముందు. మొదటి వారం ఆయన నమ్మలేదు. రెండో వారం బుధవారం రాత్రి నాకు నోటిదాకా వచ్చింది, మింగేశాను. మూడో ఆదివారం ఆయనే కాఫీ కలిపి పట్టుకొచ్చారు.

ఆ నలభై నిమిషాల్లో ఏం మాట్లాడుకున్నారు?

అంగడి గురించి కాదు. మొదటి ఇరవై నిమిషాలు నేను అడగడమే, వాదించకూడదు, సలహా ఇవ్వకూడదు. తర్వాత ఇరవై నిమిషాలు ఆయన అడగాలి. అడగాల్సింది "ఎందుకు వద్దు" అని కాదు. అలా అడిగితే లాయరు అడిగినట్టుంటుంది. నేను అడిగింది, "అప్పు అనగానే మీకు మొదట ఏం గుర్తొస్తుంది?" అని.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు. వాళ్లది కళ్యాణదుర్గం వైపు పల్లె, ఐదెకరాలు. ముందు శనక్కాయ వేసేవాళ్లు, తర్వాత అందరూ చీనీ చెట్లు పెడుతుంటే మా మామ కూడా పెట్టారు. చెట్లకు నీళ్లు కావాలి కదా, బోరు వేశారు. పడలేదు. అప్పు చేసి ఇంకోటి. కొబ్బరికాయ చేతిలో పెట్టుకుని నడిచేవాళ్లని పిలిపించి, కాయ నిలబడిన చోటల్లా వేశారు. ఏడో బోరు రోజు ఈయన ఇంటర్ చదువుతున్నారు. బోరు బండి రాత్రంతా నడిచింది, 500 అడుగుల దాకా, తెల్లారేసరికి చీనీ ఆకుల మీద తెల్లగా దుమ్ము. నీళ్లొస్తే బురద రావాలి, దుమ్మే వచ్చింది. మా మామ ఆ దుమ్ములో కూర్చుని "ఇంకొక్కటి వేద్దాం, పడతాది" అన్నారంట. మూడెకరాలు పోయాయి. మా మామ బెంగళూరులో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా వెళ్లారు.

"నువ్వు ఇంకొక్క లోను అన్నప్పుడల్లా నాకు మా నాయన గొంతు వినబడుతుంది" అన్నారు.

పెళ్లయి అప్పటికే పదేళ్లు, నాకు ఈ ముక్క తెలియదు. భూమి పోయిందని తెలుసు, దుమ్ము సంగతి తెలియదు.

నా వంతు వచ్చినప్పుడు నేను చెప్పింది మా అమ్మ గురించి. నెలాఖరులో వంద రూపాయల కోసం మా నాయన ముఖం చూస్తూ తలుపు దగ్గర నిలబడేది. చీర కొంగు వేలికి చుట్టి విప్పి, చుట్టి విప్పి. ఆ కొంగు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. నాకు కావాల్సింది కారు కాదు, బంగళా కాదు, అలా నిలబడకుండా ఉండటం. అది విన్నాక ఆయన నన్ను "అత్యాశ" అనడం మానేశారు.

ఇలా అడిగితే ప్రతి ఇంట్లో బోరు కథ బయటపడుతుందని కాదు. కొందరికి ఏ కథా ఉండదు, నిజంగానే ఇంతే చాలు. అది కూడా తెలుసుకోవాల్సిందే కదా.

సరే, కథ విన్నారు. మరి అంగడి ఎలా పెట్టారు?

దీన్ని కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే కన్నీళ్లు పెట్టుకున్నంత మాత్రాన బ్యాంకు లోను ఇవ్వదు.

నా మొదటి ప్లాన్ సప్తగిరి సర్కిల్ దగ్గర పెద్ద షోరూము. 20 లక్షలు, ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి. ఆయన మొత్తానికే వద్దన్నారు. నేను 20 అంటే ఆయన సున్నా, ఇంక మధ్యలో ఎక్కడ కలుస్తాం?

గాట్‌మన్ చెప్పే పద్ధతి ఒకటుంది, రెండు వలయాలు గీయడం. లోపలి చిన్న వలయంలో ఎట్టి పరిస్థితిలో వదులుకోలేనివి రాయాలి, బయటి పెద్ద వలయంలో అటూ ఇటూ సర్దుకోగలిగినవి. లోపల ఎంత తక్కువ రాస్తే అంత మంచిది. ఇద్దరం పిల్లల నోటుబుక్కు చించి వేర్వేరుగా రాశాం. ఆయన లోపల రాసినవి మూడు: ఇంటి కాగితాలు బయటికి పోకూడదు, పిల్లల ఫీజు డబ్బు ముట్టుకోకూడదు, వారంలో నాలుగు రాత్రులైనా అందరం కలిసి తినాలి. నేను రాసినవి రెండు: అంగడి నా పేరు మీద ఉండాలి, ప్రతి కొనుగోలుకూ నేను ఎవర్నీ అడగకూడదు. రెండు కాగితాలు పక్కపక్కన పెడితే విచిత్రం ఏమిటంటే, లోపలి వలయాల్లో ఒక్కటి కూడా ఇంకొకదానితో కొట్టుకోవడం లేదు. సప్తగిరి సర్కిల్, 20 లక్షలు, పెద్ద షోరూము, ఇవన్నీ నా బయటి వలయంలోనే ఉన్నాయి. నేను ఎనిమిది నెలలు పోట్లాడింది వాటి కోసం.

తర్వాత లెక్కలు. కమలానగర్‌లో ఒక సందులో ఒక్క షట్టరు, అద్దె 9,000. ముద్ర లోనుకు అప్లై చేశాను, 8 లక్షలు. ముద్రలో 5 నుంచి 10 లక్షల దాకా తరుణ్ అంటారు, ఆస్తి తనఖా అడగకూడదు, స్టాకు మీద ఇస్తారు. తనఖా లేదంటే బాకీ లేదని కాదు, కట్టకపోతే సిబిల్ పాడవుతుంది, బ్యాంకువాళ్లు వెంటపడతారు, అది కూడా ఆయనకు దాచకుండా చెప్పాను. ఐదేళ్లకు 11 శాతం మీద నెలకు ఈఎంఐ సుమారు 17,400. అంగడిలో పనిచేసే అమ్మాయి జీతం, కరెంటు, చిల్లర ఖర్చులు కలిపి ఇంకో 9,600. మొత్తం 36,000. నాకు చీర మీద సగటున 1,200 మిగులుతుంది. అంటే నెలకు 30 చీరలు అమ్మితే అంగడి తన ఖర్చు తాను మోస్తుంది, నా కష్టానికి ఇంకా ఏమీ రాదు. అప్పటికే ఇంట్లోంచి, వాట్సాప్‌లో, నెలకు 22 దాకా అమ్ముతున్నాను. ఈ 30 అనే అంకె ఆయనకు అర్థమైంది. అంతవరకూ ఆయనకు నా వ్యాపారం అంటే అడుగు కనిపించని గుంత.

ఇంకొకటి ఆయనే అడిగారు, అది లేకుంటే ఒప్పుకునేవారు కాదు. ఎక్కడ ఆపాలో ముందే రాయాలి. వరుసగా మూడు నెలలు అంగడి డబ్బుతో అద్దె, ఈఎంఐ కట్టలేకపోతే షట్టరు మూసి, స్టాకు ఇంటికి తెచ్చి, మళ్లీ ఇంటి నుంచే అమ్మాలి. "ఇంకొక్కటి వేద్దాం" అనే మాట ఉండకూడదు. రాసి ఇద్దరం సంతకం పెట్టాం. బీరువాలో, ఇంటి కాగితాల పక్కనే ఉంది.

మొదటి ఆషాఢంలో 17 చీరలే పోయాయి. ముహూర్తాలు లేవు, ఎవరు కొంటారు? నేను నోరు మూసుకుని తిరిగాను, ఆయనా ఏమీ అనలేదు, కాకపోతే ఆ నెల రెండుసార్లు బీరువా తెరిచిన చప్పుడు విన్నాను. శ్రావణంలో 61 పోయాయి.

అయితే ఇప్పుడు అంతా సర్దుకుందా?

లేదు. మా అంగడికి ఏడాది నిండినప్పుడు పూజ పెట్టుకుంటే ఆయన వచ్చి, ప్రసాదం తిని, అరగంటలో వెళ్లిపోయారు. నాకు ఆ రోజు ఏడుపొచ్చింది. ఈ నెల ఎన్ని అమ్మావని ఆయన అడగరు, నాకేమో ఎవరైనా అడిగితే బాగుండునని ఉంటుంది. దానికి ఇప్పుడు నాకు ఇద్దరు స్నేహితురాళ్లు ఉన్నారు, ఒకామెకు బ్యూటీ పార్లరు, ఒకామెకు చిరుధాన్యాల బిస్కెట్ల వ్యాపారం. నెలకోసారి కలిసి ఉగ్గాని బజ్జీ తింటూ మా అంకెలు మేం చెప్పుకుంటాం. మొగుడే మెచ్చుకోవాలి, మొగుడే వినాలి, మొగుడే వెనకుండి నడిపించాలి అంటే ఒక్క మనిషి మీద మరీ బరువు.

ఆయన వైపు నుంచి కూడా ఒకటి చెప్పాలి. సాయంత్రం ఐదున్నర నుంచి పిల్లలు ఆయన చేతిలోనే. హోంవర్కు, ట్యూషను, జ్వరమొస్తే డాక్టరు. ఆయనకు కూడా నాలాగే పరుగు ఉంటే నా అంగడి తెరుచుకునేదే కాదు. చాలామంది ఆడవాళ్లు ఈ లెక్క వేయరు. ఇద్దరూ పరుగెత్తే ఇళ్లలో ఆ పనికి జీతమిచ్చి మనిషిని పెట్టుకోవాలి, లేదంటే అమ్మనో అత్తనో పిలిపించుకోవాలి.

చుట్టాల ముందు ఆయన్ని తక్కువ చేసి మాట్లాడేశాను. ఎలా సరిదిద్దుకోవాలి?

నేనూ చేశాను. మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్లో ఎవరో ఆయన ప్రమోషన్ గురించి అడిగితే, "ఆయనకేం, ఐదున్నరకు ఇంటికొచ్చి టీ తాగితే చాలు" అన్నాను. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వారు. తర్వాత తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు.

ఆశ వేరు, చులకన వేరు. విడిపోయే జంటల్లో ముందుగా కనిపించే గుర్తుల్లో అన్నిటికన్నా చెడ్డది చులకనేనని గాట్‌మన్ చెప్పాడు, నా అనుభవంలో కూడా అంతే. కోపం దిగిపోతుంది, చులకన దిగదు. కళ్లు పైకి తిప్పడం, "మీకేం తెలుసులే" అనడం, పిల్లల ముందు "మీ నాన్నకు చేతకాదు" అనడం మీ నోట రోజూ వస్తుంటే, అంగడి సంగతి పక్కన పెట్టి ముందు దీని సంగతి చూడండి. ఒంటరిగా సారీ చెబితే చాలదు. నలుగురి ముందు అన్న మాట నలుగురి ముందే దిద్దాలి. తర్వాత వచ్చిన పండక్కి అదే ఆడపడుచు ఇంట్లో, పిల్లల్ని ఆయన చూసుకోబట్టే నేను అంగడిలో కూర్చోగలుగుతున్నానని చెప్పాను. అబద్ధం కూడా కాదు కాబట్టి నోరు సులభంగానే తిరిగింది.

నేను మగవాణ్ణి. నా భార్యకే ఎదగాలని లేదు. ఇదంతా నాకూ వర్తిస్తుందా?

కర్నూలు నుంచి ఒక అబ్బాయి అడిగాడు. బెంగళూరులో మంచి ఉద్యోగం వచ్చింది, ఆమె కర్నూలు వదలనంటోంది, స్కూల్లో చిన్న జీతానికి టీచరు, అమ్మానాన్నలు రెండు వీధుల అవతల. "ఏ ఆశా లేని మనిషి" అన్నాడు. తమ్ముడూ, ఊరు వదలకపోవడం ఆశ లేకపోవడం ఎలా అవుతుంది? నువ్వు వెళ్తే ఆమె పోగొట్టుకునేది ఏమిటో ఒక కాగితం మీద రాశావా? ఉద్యోగం, అమ్మ, పిల్లాణ్ణి చూసుకునే మనుషులు, తెలిసిన వీధి. ఎదిగేది నువ్వు, ఖర్చు ఆమెది. మగవాడు పరుగెత్తితే ఆడది వెంట రావడం మనకు మామూలు అయిపోయింది కాబట్టి ఆ ఖర్చు ఎవరికీ కనిపించదు. రెండు వలయాలు మీరూ గీయండి. వాళ్లు చివరికి ఏడాది పాటు అతను వారాంతాల్లో వచ్చి పోయేలా ఒప్పుకున్నారు, ఏడాది తర్వాత మళ్లీ మాట్లాడాలని తేదీ పెట్టుకుని. తేదీ పెట్టుకోవడం ముఖ్యం, లేకపోతే తాత్కాలికం అనుకున్నదే పదేళ్లు నడుస్తుంది.

ఎప్పుడు కుదరదని ఒప్పుకోవాలి?

లోపలి వలయాలు రెండూ నేరుగా గుద్దుకుంటే. ఒకరు ఈ ఊరు వదలను అని, ఇంకొకరు ఈ ఊళ్లో ఉండను అని లోపలే రాసుకుంటే వాటికి మధ్య దారి లేదు, ఎవరో ఒకరు ఓడిపోవాలి, ఓడిపోయినవాళ్లు దాన్ని మరిచిపోరు.

మీ అంగడి తాళం దాచడం, కస్టమర్ల ముందు పరువు తీయడం, మీ సంపాదన లాక్కోవడం, చెయ్యి చేసుకోవడం ఉంటే అది తృప్తి గల మనిషి లక్షణం కాదు, వేధింపు. మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంది. అలాంటిచోట నేను చెప్పిన ఆదివారం కబుర్లు పనిచేయవు.

ఇంకొకటి మన వైపు. నేను 30 చీరల అంకె దాటాక వెంటనే రెండో షట్టరు గురించి ఆలోచించాను. అప్పుడు ఆయన అడిగారు, "ఎంత అయితే ఆగుతావు?" నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్నకు జవాబు లేకుండా పక్కమనిషిని సర్దుకోమనడం న్యాయం కాదనిపించింది. ఇప్పటికి మేం అనుకున్నది, మొదటి లోను తీరేదాకా రెండో లోను లేదు. ఇంకా 19 నెలలుంది. తర్వాత మళ్లీ నోటుబుక్కు చించుతాం.

ఇదంతా రాస్తున్నట్టు మీ ఆయనకు తెలుసా?

చదివి వినిపించాను. చెట్లకు నీళ్లు పోస్తూ విన్నారు. "ఏడు కాదు, ఎనిమిది బోర్లు" అన్నారు. ఎనిమిదోది మా చిన్నమామ చేనులో వేశారంట, అది మా లెక్కలోకి వస్తుందో రాదో ఇంకా తేలలేదు.